మూడో వరుస దగ్గర ఆగండి

"సమవిభజనకీ, క్షయకరణ విభజనకీ మధ్య భేదాలను పట్టిక రూపంలో రాయండి." బయాలజీ చదివిన ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకసారి ఈ ప్రశ్నకి తలవంచే ఉంటారు. ఇంగ్లిష్ మీడియం వాళ్లకి ఇదే మైటోసిస్, మియోసిస్. చాలామంది దీన్ని ఎలా చదువుతారంటే, ఎడమ గడి ఒకసారి, కుడి గడి ఒకసారి, పై నుంచి కింది దాకా బట్టీ. పరీక్ష హాల్లో రెండు గడులు తారుమారైతే మొత్తం తారుమారు.

కానీ ఈ పట్టికలోని వరుసలన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేని పది పన్నెండు విషయాలు కావు. ఒక్క వరుస అర్థమైతే దాని కింద ఉన్నవన్నీ లెక్క కట్టి రాసుకోవచ్చు. అది ఏ వరుసో చెప్పడానికే ఈ వారం కాలమ్.

ముందు పట్టిక చూడండి. ఉదాహరణకి ఉల్లి మొక్కని తీసుకుందాం. ఎందుకంటే రెండు విభజనలూ ఒకే మొక్కలో దొరుకుతాయి. వేరు కొనలో సమవిభజన, పువ్వులో క్షయకరణ విభజన. ఉల్లి శరీర కణంలో 16 క్రోమోజోములు ఉంటాయి. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుని చదవండి.

| అంశం | సమవిభజన | క్షయకరణ విభజన |
|---|---|---|
| 1. ఎక్కడ | శరీర కణాల్లో. ఉల్లిలో వేరు కొన | ప్రత్యుత్పత్తి భాగాల్లో. ఉల్లిలో పరాగకోశం, అండం |
| 2. డీఎన్ఏ కాపీ | విభజనకి ముందు ఒకసారి | మొదటి విభజనకి ముందు ఒకసారి, అంతే |
| 3. సమజాత క్రోమోజోములు | జత కట్టవు | మొదటి విభజన ప్రథమ దశలో జత కడతాయి |
| 4. క్రాసింగ్ ఓవర్ | మామూలుగా ఉండదు | జత కట్టినప్పుడు జరుగుతుంది |
| 5. మధ్యస్థ దశలో వరుస | 16 విడివిడిగా | మొదట 8 జతలుగా, రెండోసారి 8 విడివిడిగా |
| 6. చలన దశలో విడిపోయేవి | సోదర క్రొమాటిడ్లు | మొదట సమజాత క్రోమోజోములు, రెండోసారి సోదర క్రొమాటిడ్లు |
| 7. ఎన్ని విభజనలు | 1 | 2 |
| 8. పిల్ల కణాలు | 2 | 4 |
| 9. క్రోమోజోముల సంఖ్య | 16 నుంచి 16 | 16 నుంచి 8 |
| 10. పోలిక | తల్లి కణం లాగే | తల్లి కణంతోనూ, తమలో తాముకూడా తేడా |
| 11. దేనికోసం | పెరగడం, గాయం మానడం, అలైంగిక ప్రత్యుత్పత్తి | లైంగిక ప్రత్యుత్పత్తి |

ఇందులో గట్టిగా పట్టుకోవాల్సింది మూడో వరుస. మిగతావాటిలో చాలావరకు దాని నుంచే వస్తాయి. ఎలాగో చూద్దాం.

రెండు సెట్లు, ఒక జిరాక్స్

ఉల్లి కణంలో 16 ఉన్నాయంటే 16 రకాలు ఉన్నాయని కాదు. 8 రకాలు, ఒక్కోటి రెండు చొప్పున. ఎనిమిది సంపుటాల వంటల పుస్తకం రెండు సెట్లు ఉన్నాయనుకోండి. ఒక సెట్టు అండం నుంచి, ఒక సెట్టు పుప్పొడి నుంచి వచ్చింది. రెండు సెట్లలోనూ మూడో సంపుటం నలభయ్యో పేజీలో పులిహోరే ఉంటుంది. కాకపోతే ఒకదాంట్లో చింతపండు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. ఇలా ఒకే వంటలు, కొంచెం తేడా కొలతలతో ఉన్న రెండు మూడో సంపుటాలే సమజాత క్రోమోజోములు.

విభజన మొదలయ్యే ముందు కణం 16 పుస్తకాలకీ ఒక్కో జిరాక్స్ తీస్తుంది. తీసిన జిరాక్స్‌ని అసలు పుస్తకానికే క్లిప్పు పెట్టి ఉంచుతుంది. అసలు, జిరాక్స్ రెండూ కలిపి సోదర క్రొమాటిడ్లు. క్లిప్పు ఉన్న చోటు సెంట్రోమియర్. పట్టికలో రెండో వరుస ఇదే. ఇక్కడిదాకా రెండు విభజనలకీ తేడా లేదు. రెండింట్లోనూ జిరాక్స్ ఒక్కసారే.

ఇక్కడే లెక్క తప్పుతుంది చాలామందికి. మా పిన్ని కూతురు పరీక్షలకి చదువుతూ ఒకరోజు మెసేజ్ పెట్టింది. "అన్నయ్యా, మొదటి విభజన అయ్యాక 8 అని రాశారు. బొమ్మలో లెక్కపెడితే 16 గీతలున్నాయి. ఏది కరెక్టు?" మంచి డౌటు. రెండూ కరెక్టే. 8 క్రోమోజోములు, 16 క్రొమాటిడ్లు. క్రోమోజోముల్ని లెక్కపెట్టాలంటే గీతలు కాదు, క్లిప్పులు లెక్కపెట్టాలి. ఒక సెంట్రోమియర్ ఉంటే ఒక క్రోమోజోము. దానికి జిరాక్స్ అంటుకుని ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. క్లిప్పు విడిపోయిన క్షణం నుంచి మాత్రం రెండు. ఈ నియమం ఒక్కటి పెట్టుకుంటే తొమ్మిదో వరుసలో అంకెలు ఎప్పుడూ తప్పు రావు.

వేరు కొనలో

ఉల్లిగడ్డని నీళ్ల గ్లాసు మీద రెండు మూడు రోజులు పెడితే తెల్లటి వేర్లు వస్తాయి. ఆ కొనల్ని కోసి, ఎసిటోకార్మిన్ రంగులో వేడిచేసి, గాజు పలక మీద నొక్కి చూడటం ల్యాబ్‌లో చాలామంది చేసే ఉంటారు. మధ్యస్థ దశలో ఉన్న కణం ఒకటి బాగా దొరికితే, 16 క్రోమోజోములూ కణం నడిమధ్యకి చేరి ఉంటాయి. ఎవరికి వాళ్లే. అండం వైపు మూడో సంపుటానికి, పుప్పొడి వైపు మూడో సంపుటం ఎక్కడుందో పట్టదు.

ఒక్కో క్రోమోజోముకి రెండు ధ్రువాల నుంచీ కండె తంతువులు తగులుకుంటాయి. క్లిప్పు విడిపోతుంది. అసలు ఒక వైపు, జిరాక్స్ ఇంకో వైపు. ఇటు 16, అటు 16. ఒక జిరాక్స్, ఒక పంపకం, రెండు కణాలు, రెండూ ఒకేలా. అంటే మూడో వరుసలో "జత కట్టవు" అని రాయగానే 4 నుంచి 10 దాకా ఎడమ గడులన్నీ దాదాపు నిండిపోయినట్టే.

పరాగకోశంలో

ఇప్పుడు ఉల్లి పువ్వు మొగ్గలోకి వద్దాం. పరాగకోశం లోపల పుప్పొడి మాతృకణంలో కూడా జిరాక్స్ తీయడం అయిపోయింది. ఇక్కడ కొత్తగా జరిగేదేంటంటే, అండం వైపు మూడో సంపుటం వెళ్లి పుప్పొడి వైపు మూడో సంపుటాన్ని వెతుక్కుంటుంది. రెండూ పొడవునా పక్కపక్కన అంటుకుంటాయి. నలభయ్యో పేజీకి నలభయ్యో పేజీ సరిగ్గా ఎదురుగా. ఇలా 8 జతలు.

అంత దగ్గరగా ఉన్నాయి కాబట్టే పేజీలు మార్చుకోవడం సాధ్యమవుతుంది. ఒకదాని క్రొమాటిడ్‌లో ఒక ముక్క తెగి, ఎదుటిదాని క్రొమాటిడ్‌లో అదే చోట అతుక్కుంటుంది. అక్కడి ముక్క ఇక్కడికి వస్తుంది. క్రాసింగ్ ఓవర్ అంటే ఇదే, తెలుగు పుస్తకాల్లో వినిమయం అంటారు. నాలుగో వరుస మూడో వరుస లేకుండా జరగదన్నమాట.

తర్వాత మధ్యస్థ దశ. మైక్రోస్కోపులో ఇక్కడ 16 కనిపించవు, 8 కనిపిస్తాయి. ప్రతిదీ ఒక జత. స్లైడు ఏ విభజనదో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక గుర్తు లేదు. జతలో ఒకదానికి పై ధ్రువం నుంచి, ఇంకోదానికి కింది ధ్రువం నుంచి తంతువులు తగులుతాయి. కాబట్టి లాగినప్పుడు విడిపోయేది క్లిప్పు కాదు, జత. ఇటు 8, అటు 8. ఒక్కోదానికి జిరాక్స్ ఇంకా అంటుకునే ఉంది.

సంఖ్య సగమయ్యేది ఇక్కడే, మొదటి విభజనలోనే. రెండో విభజనలో సగమవుతుందని రాసేవాళ్లు చాలామంది ఉంటారు. రెండోది అచ్చం సమవిభజన లాంటిదే. మధ్యలో మళ్లీ జిరాక్స్ తీయరు. 8 విడివిడిగా నడిమధ్యకి వస్తాయి, క్లిప్పులు విడిపోతాయి, ఇటు 8, అటు 8. క్రొమాటిడ్ల సంఖ్య 16 నుంచి 8 అయింది కానీ, క్లిప్పులు లెక్కపెడితే 8 నుంచి 8. ఒక జిరాక్స్, రెండు పంపకాలు, నాలుగు కణాలు.

పదో వరుసకి కూడా ఒక చిన్న లెక్క ఉంది. ప్రతి జతలో ఏది పైకి, ఏది కిందికి అనేది మిగతా జతలతో సంబంధం లేకుండా తేలుతుంది. 8 జతలంటే 2⁸, అంటే 256 రకాల కలయికలు. మనిషికి 23 జతలు కాబట్టి 2²³, అంటే 83,88,608. క్రాసింగ్ ఓవర్ కలపకుండానే ఇన్ని.

జత కుదరకపోతే?

మూడో వరుసే కీలకం అంటున్నాను కదా, నిజమో కాదో పరీక్షించడానికి జత కుదరని ఒక ప్రాణి కావాలి. దానికోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. బండి మీద డజను లెక్కన కొనే అరటిపండు చాలు.

అడవి అరటికి 22 క్రోమోజోములు, అంటే 11 జతలు. పండు నిండా గట్టి గింజలే. మన మార్కెట్లో ఎక్కువగా దొరికే పొడవాటి అరటి, రైతులు జీ9 అని పిలిచే గ్రాండ్ నైన్, కావెండిష్ గుంపులోది. దానికి 33 ఉంటాయి. 11 రకాలు, ఒక్కోటి మూడు చొప్పున. రెండు సెట్లు కాదు, మూడు సెట్లు.

సమవిభజనకి ఇది సమస్యే కాదు. ఎవరికి వాళ్లే కదా. 33 కి 33 జిరాక్స్‌లు, 33 క్లిప్పులు విడిపోతాయి, ఇటు 33, అటు 33. అందుకే చెట్టు నిక్షేపంగా పెరుగుతుంది, గెల వేస్తుంది, పక్కన పిలకలు పెడుతుంది.

క్షయకరణ విభజనకి వచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. మూడు ఒకటో సంపుటాల్లో ఏ రెండు జత కట్టాలి? రెండు కట్టుకుంటే మూడోది ఒంటరి, లేదంటే మూడూ కలిసి చిక్కుపడతాయి. విడిపోయేటప్పుడు రెండు ఒక వైపుకి, ఒకటి ఇంకో వైపుకి వెళ్తాయి. పదకొండు రకాల్లోనూ ఇదే గందరగోళం. ఒక కణానికి పూర్తి సెట్టు దక్కాలంటే పదకొండు రకాల్లోనూ ఆ అదనపు పుస్తకం ఒకే వైపుకి పోవాలి. ఒక్కోదానికి సగం అవకాశం అనుకుంటే, లెక్క ఇది:

2 × (1/2)¹¹ = 1/1024

అంటే సుమారు వెయ్యికి ఒక్కటి. మిగతా కణాలన్నిటికీ కొన్ని సంపుటాలు ఒకటి, కొన్ని రెండు. అలాంటి పుప్పొడి, అలాంటి అండం చాలావరకు పనికిరావు. అరటిపండు మధ్యలో కనిపించే నల్లటి చిన్న చుక్కలు గింజలు కాలేకపోయిన అండాలే. ఫలదీకరణ లేకుండానే కాయ ఎదిగే గుణం కూడా ఈ రకానికి ఉంది కాబట్టి మనకి గింజల్లేని పండు దొరుకుతోంది.

ఇప్పుడు పదో వరుస, పదకొండో వరుస ఈ అరటి తోటకే అన్వయించి చూడండి. గింజ లేదు కాబట్టి పిలకలో, టిష్యూ కల్చర్ మొక్కలో నాటాలి. రెండూ సమవిభజన సంతానమే. అంటే తోటలో చెట్లన్నీ జన్యుపరంగా దాదాపు ఒకే చెట్టు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, అన్ని సర్వర్ల మీదా ఒకే వెర్షన్, ఒకే లోపం.

ఆ లోపం ఏం చేస్తుందో ప్రపంచం ఒకసారి చూసింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఎగుమతి మార్కెట్‌ని ఏలిన రకం గ్రోస్ మిషెల్. అది కూడా మూడు సెట్లదే, పిలకలతో పెంచేదే. మట్టిలో ఉండే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే పనామా తెగులు దాని తోటల్ని వరసగా తినేసింది. 1960ల నాటికి వ్యాపారులు దాన్ని వదిలేసి, ఆ తెగులుని తట్టుకునే కావెండిష్‌కి మారారు. ఇప్పుడు అదే శిలీంధ్రంలో టీఆర్4 అనే రకం కావెండిష్‌ని కూడా పట్టుకుంది. ఇండియాలో కూడా కనిపించింది. గింజలతో పెరిగే పంటైతే వేల మొక్కల్లో ఏదో ఒకదానికి కొత్త కలయిక వల్ల తట్టుకునే గుణం రావచ్చు. మూడో వరుస ఆగిపోయిన పంటకి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

జత విడిపోకపోతే?

జత కట్టడం ఎంత అవసరమో, సమయానికి విడిపోవడం కూడా అంతే అవసరం. ఇది మన ఇళ్లలో మాట్లాడుకోవాల్సిన విషయం.

ఆడపిల్ల పుట్టకముందే, తల్లి కడుపులో ఉండగానే, ఆమె అండకణాలు మొదటి క్షయకరణ విభజన మొదలుపెట్టేస్తాయి. 23 జతలూ కుదురుతాయి, క్రాసింగ్ ఓవర్ జరుగుతుంది, ఆ ప్రథమ దశలోనే ఆగిపోతాయి. ఆ అండం విడుదలయ్యే నెల వచ్చినప్పుడే మొదటి విభజన పూర్తవుతుంది. శుక్రకణం లోపలికి వస్తేనే రెండోది పూర్తవుతుంది. అంటే 35 ఏళ్ల వయసులో విడుదలైన అండంలో ఆ జతలు 35 ఏళ్లకి పైగా పట్టుకుని ఉన్నాయి. పరాగకోశంలో కొద్ది రోజుల్లో ముగిసే పని ఇది.

ఇంకో తేడా కూడా ఉంది. ఇక్కడ నాలుగు సమాన కణాలు రావు. పెద్ద అండం ఒక్కటే, మిగతావి ధ్రువ కణాలు అనే చిన్న కణాలై నశిస్తాయి. పట్టికలో ఎనిమిదో వరుస రాసేటప్పుడు ఈ మినహాయింపు గుర్తుంచుకోండి.

అన్నేళ్లు పట్టి ఉంచే ప్రొటీన్ బంధాలు వయసుతో బలహీనపడతాయి. అప్పుడప్పుడు 21వ జత సరిగ్గా విడిపోక రెండూ అండంలోనే ఉండిపోతాయి. అండానికి 23 బదులు 24. శుక్రకణం నుంచి 23. మొత్తం 47. ఇదే డౌన్ సిండ్రోమ్‌కి ఎక్కువగా కనిపించే కారణం. మూడు 21వ క్రోమోజోములు ఉంటాయని 1959లో ప్యారిస్‌లో జెరోమ్ లెజున్, మార్తే గోతియే, రేమొండ్ తుర్పిన్ ప్రకటించారు. రక్తకణాల్ని మధ్యస్థ దశలో ఆపి, క్రోమోజోముల్ని ఫొటో తీసి జతలుగా పేర్చే కారియోటైప్ పరీక్షలో ఇది నేరుగా కనిపిస్తుంది.

ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడు "గ్రహణం రోజు బయటికొచ్చావు", "అది తిన్నావు, ఇది తిన్నావు" అని తల్లిని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పట్టిక చూస్తే జవాబు దొరుకుతుంది. ఆ జత విడిపోవాల్సిన క్షణం గర్భం నిలవకముందే గడిచిపోయింది. గర్భంతో ఉన్నప్పుడు ఆమె తిన్నదానికీ, తిరిగినదానికీ దాంతో సంబంధం లేదు. తక్కువ కేసుల్లోనే అయినా, ఆ అదనపు క్రోమోజోము తండ్రి శుక్రకణం నుంచి కూడా వస్తుంది.

పరీక్షలో రాయాల్సి వస్తే

రఫ్ పేజీలో రెండే జతలు గీసుకోండి. పొడవు జత ఒకటి, పొట్టి జత ఒకటి. అండం వైపువి నీలం పెన్నుతో, పుప్పొడి వైపువి పెన్సిల్‌తో. ప్రతిదానికీ పక్కన జిరాక్స్ గీసి, మధ్యలో చుక్క పెట్టండి. ఒకసారి విడివిడిగా వరుసలో పెట్టి చుక్కలు విడదీయండి. ఇంకోసారి జతలుగా పెట్టి, ముందు జతల్ని, తర్వాత చుక్కల్ని విడదీయండి. పట్టికలో 5 నుంచి 10 దాకా వరుసలు ఆ బొమ్మ చూసి రాసెయ్యొచ్చు.

చూసుకోవడానికి ఒక చిన్న లెక్క. మెండెల్ బఠానీ మొక్క శరీర కణంలో 14 క్రోమోజోములు. క్షయకరణ విభజనలో మొదటి మధ్యస్థ దశలో ఎన్ని జతలు? మొదటి విభజన అయ్యాక ఒక్కో కణంలో ఎన్ని క్రోమోజోములు, ఎన్ని క్రొమాటిడ్లు? చివరి కణంలో ఎన్ని క్రోమోజోములు?

జవాబు: 7 జతలు. 7 క్రోమోజోములు, 14 క్రొమాటిడ్లు. చివరికి 7. రెండో జవాబులో 14 క్రోమోజోములు అని వచ్చిందంటే మీరు గీతలు లెక్కపెట్టారు. క్లిప్పులు లెక్కపెట్టండి.